తలుపు లెక్క వేరు, గుజ్జు లెక్క వేరు

వెంకటగిరికోటలో ఓ వడ్రంగి రెండు తలుపులు చేశాడనుకుందాం. చెక్క, కూలి కలిపి నగిషీ తలుపుకు 30 వేలు, సాదా తలుపుకు 10 వేలు ఖర్చయింది. సగటున 20 వేలని చెబితే సాదా తలుపు అడిగినాయన వెళ్లిపోతాడు, నగిషీ తలుపు నష్టానికి పోతుంది. అందుకే ఆర్డరుకో చీటీ రాసుకోవాలి. ఇదే జాబ్ కాస్టింగ్.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఏ డబ్బాలోది ఏ కాయో ఎవరు చెప్పగలరు? అక్కడ ప్రాసెస్ కాస్టింగే దారి. 10 టన్నుల తోతాపురికి మొత్తం ఖర్చు 2 లక్షలై, తొక్కా టెంకా పోగా 5 టన్నుల గుజ్జు దిగాలనుకుంటే కిలో 40 రూపాయలు. కాయల బరువుతో భాగించి 20 అనుకుంటే మునిగినట్టే. ఒకరోజు 4 టన్నులే దిగిందా? ఆ తగ్గిన టన్ను తాలూకు 40 వేలు ధరలో కలపరు, నష్టం ఖాతాలో విడిగా రాస్తారు. కుళ్లిన కాయలా, యంత్రమా అన్న ఆరా అక్కడే మొదలవుతుంది.