చేతికి చిక్కినవాడిని చంపే హక్కు ఎవరికీ లేదు

శ్రీరాంపూర్ బొగ్గుగనుల నుంచి ఉత్తరాన ఆసిఫాబాద్ దాటితే వాంకిడి అడవులు వస్తాయి. దక్షిణాన గోదావరి దాటితే మంథని, మహదేవ్‌పూర్ అడవులు. దశాబ్దాల పాటు ఈ రెండు దిక్కుల నుంచీ గని కార్మికుల కాలనీలకు చావు కబుర్లు వస్తూనే ఉన్నాయి. పోలీసుల ప్రకటన ఎలా ఉంటుందో ఇక్కడ అందరికీ కంఠతా వచ్చు. గాలింపు జరుపుతుండగా నక్సలైట్లు తారసపడ్డారు, లొంగిపొమ్మని హెచ్చరించినా వినకుండా కాల్పులకు దిగారు, ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరపాల్సి వచ్చింది. అటువైపు శవం మీద వదిలివెళ్లిన లేఖలోనూ అంతే తెలిసిన మాటలు: ఇన్‌ఫార్మర్‌గా మారి దళం ప్రాణాలు తీయించాడు, అందుకే శిక్షించాం. మనిషి చేతికి చిక్కిన క్షణానికీ ప్రాణం పోయిన క్షణానికీ మధ్య ఏం జరిగిందన్నది ఈ రెండింట్లోనూ కనపడదు. యుద్ధ చట్టాలు అన్నిటికంటే గట్టిగా పట్టించుకునేది సరిగ్గా ఆ మధ్యకాలాన్నే.

1949 నాటి జెనీవా ఒప్పందాలు నాలుగు. ప్రధానంగా దేశాల మధ్య జరిగే యుద్ధాల కోసం రాసిన ఆ నాలుగింటిలోనూ అంతర్గత పోరు గురించిన ఒక అధికరణ ఒకేలా ఉంటుంది. అదే ఉమ్మడి మూడో అధికరణ. ఒక దేశం లోపల సాగే సాయుధ పోరుకు అదే కనీస చట్టం. పోరాటంలో పాల్గొననివారిని, ఆయుధం కింద పెట్టినవారిని, గాయపడో జబ్బుపడో నిర్బంధంలో ఉండో పోరాడలేని స్థితిలో ఉన్నవారిని చంపకూడదు, హింసించకూడదు, అవమానించకూడదు. బేరం కోసం ఎవరినీ బందీలుగా పట్టుకోకూడదు. సక్రమంగా ఏర్పడిన న్యాయస్థానం తీర్పు లేకుండా శిక్ష వేయకూడదు, ఉరి తీయకూడదు. గాయపడినవారిని ఏ పక్షం వారైనా సరే తీసుకొచ్చి వైద్యం చేయించాలి. ఈ నియమాలు ప్రభుత్వానికి ఎంతో తిరుగుబాటుదారులకూ అంతే. వీటిని పాటించినంత మాత్రాన తిరుగుబాటుదారులకు చట్టబద్ధమైన హోదా ఏదీ రాదని కూడా ఆ అధికరణే చెబుతుంది.

భారతదేశం ఈ ఒప్పందాలను 1950లో ఆమోదించింది. 1960లో చట్టం కూడా చేసింది. అయితే ఆ చట్టం ప్రధానంగా దేశాల మధ్య యుద్ధాల్లో జరిగే తీవ్ర ఉల్లంఘనలను దృష్టిలో పెట్టుకున్నది. అంతర్గత పోరాటాల గురించి మరింత వివరంగా రాసిన 1977 నాటి రెండో ప్రొటోకాల్‌లో మన దేశం చేరలేదు. మావోయిస్టులతో సాగుతున్నది యుద్ధమని ప్రభుత్వం ఏనాడూ ఒప్పుకోలేదు, శాంతిభద్రతల సమస్యేనంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. యుద్ధం కాదు కాబట్టి యుద్ధ నియమాలు వర్తించవు, కాబట్టి పోలీసుల చేతులు మరింత స్వేచ్ఛగా ఉంటాయని అనుకుంటారు. నిజం దానికి పూర్తిగా విరుద్ధం. యుద్ధ చట్టం ప్రకారం శత్రు సైనికుడు నిద్రపోతుండగా కూడా కాల్చవచ్చు, ముందుగా హెచ్చరించాల్సిన పనీ లేదు. మామూలు నేరచట్టం ఆ వీలు ఇవ్వదు. తన ప్రాణానికో ఎదుటివారి ప్రాణానికో అప్పటికప్పుడు ముప్పు ఉంటేనే, అదీ అవసరమైన మేరకే, పోలీసు బలం వాడాలి. యుద్ధం కాదని చెప్పిన ప్రభుత్వం యుద్ధంలో దొరికే అనుమతిని కూడా వదులుకున్నట్టే. ఇది యుద్ధమని ప్రకటించుకున్న మావోయిస్టులు యుద్ధంలో ఉండే నిషేధాలను కూడా మోయాల్సిందే. రెండు పక్షాలూ తమకు నచ్చిన సగాన్నే తీసుకున్నాయి.

1999లో మంథని ప్రాంతంలో జరిగిన రెండు ఘటనలు ఈ మాటకు సాక్ష్యం. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ మాజీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావును మహదేవ్‌పూర్ మండలం అన్నారం అడవిలో నక్సలైట్లు కాల్చిచంపారు. ఆయన రాజకీయ నాయకుడు, పోరాడే మనిషి కాదు. ఏ కొలతతో చూసినా పౌరుడే. అదే ఏడాది డిసెంబర్ 2న, అదే ప్రాంతంలోని కొయ్యూరు అడవిలో పీపుల్స్‌వార్ అగ్రనేతలు నల్లా ఆదిరెడ్డి, సంతోష్‌రెడ్డి, శీలం నరేశ్ చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పారు. బెంగళూరులో పట్టుకుని ఇక్కడికి తెచ్చి కాల్చారని పార్టీ, పౌరహక్కుల సంఘాలు ఆరోపించాయి. పీపుల్స్‌వార్ నాయకులు పౌరులు కారు. పోరు సాగుతుండగా వారు లక్ష్యాలు కావచ్చు. కానీ ఆరోపణ నిజమైతే, పట్టుబడిన క్షణం నుంచీ చట్టం దృష్టిలో వారికీ శ్రీపాదరావుకూ తేడా లేదు. ఆయుధం లేకుండా ఎదుటివారి గుప్పిట్లో ఉన్న మనుషులే వాళ్లు. ఒకరి చావుకు కన్నీరు పెట్టి మరొకరి చావుకు చప్పట్లు కొట్టేవారు రెండు వైపులా ఉన్నారు. వారిని ఈ చట్టం ఒప్పుకోదు.

పదకొండేళ్ల తర్వాత వాంకిడి వైపు జరిగిన ఘటనలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2010 జూలై 1 అర్ధరాత్రి దాటాక, జోగాపూర్ అడవిలో మావోయిస్టు పార్టీ అధికార ప్రతినిధి చెరుకూరి రాజ్‌కుమార్ అలియాస్ ఆజాద్, ఆయనతో పాటు ఉత్తరాఖండ్‌కు చెందిన జర్నలిస్టు హేమచంద్ర పాండే చనిపోయారు. గుట్టమీద ఉన్న దళంతో ఎదురుకాల్పులు జరిగాయని పోలీసుల కథనం. వారిద్దరినీ నాగపూర్‌లో పట్టుకుని ఇక్కడికి తెచ్చారని మరో వాదన. కేంద్రంతో శాంతి చర్చల కోసం స్వామి అగ్నివేశ్ మధ్యవర్తిత్వం నడుపుతున్న రోజులవి. ఆ ఉత్తరప్రత్యుత్తరాల్లో ఆజాద్ ఒక కొస. అగ్నివేశ్, పాండే భార్య వేసిన పిటిషన్లపై 2011 జనవరిలో జస్టిస్ అఫ్తాబ్ ఆలం, జస్టిస్ ఆర్.ఎం. లోధాల ధర్మాసనం ఘాటుగా స్పందించింది. గణతంత్రం తన బిడ్డలనే చంపుకోవడాన్ని అనుమతించలేమని వ్యాఖ్యానించింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అది నిజమైన ఎదురుకాల్పులేనని సీబీఐ తేల్చింది. ఆ ముగింపును పౌరహక్కుల సంఘాలు అంగీకరించలేదు.

ఎవరి మాట నిజమన్నది పక్కన పెట్టి, ఇలాంటి కేసులో దేన్ని వెతకాలో చూద్దాం. తుపాకీ గొట్టం ఒంటికి బాగా దగ్గరగా ఉండి పేలితే గాయం అంచులు కాలి నల్లబడతాయి. కొద్దిగా ఎడంగా పేలితే చుట్టూ చర్మంలో మందు రేణువులు గుచ్చుకుని చుక్కలుగా కనిపిస్తాయి. దూరం నుంచి తగిలిన గుండుకు ఈ రెండూ ఉండవు. ఆజాద్ శవపరీక్ష నివేదికలో అలా నల్లబడిన అంచులున్నాయని పౌరహక్కుల బృందాలు ఎత్తిచూపింది అందుకే. గుట్టమీదివారికీ కిందివారికీ మధ్య కాల్పులైతే గుండు ఏ కోణంలో వెళ్లాలన్నది రెండో ప్రశ్న. మణికట్ల మీద కట్టిన గుర్తులు, ఫోన్ కాల్ వివరాలు, ప్రయాణ టికెట్లు ఆ తర్వాత వస్తాయి. మరొకటి ఏ సైనిక వైద్యుడినడిగినా చెబుతారు. నిజమైన కాల్పుల్లో చనిపోయినవారి కంటే గాయపడినవారే సాధారణంగా ఎక్కువ. ఒక పక్షంలో అందరూ చనిపోయి, గాయపడినవాడూ పట్టుబడినవాడూ ఒక్కడైనా లేకపోతే, దానంతట అదే నేరాన్ని రుజువు చేయదు గానీ, దర్యాప్తు మొదలవ్వాల్సిన చోటును మాత్రం చూపిస్తుంది.

పాండే సంగతి ఇంకా ముఖ్యం. ఆజాద్ పార్టీ కేంద్ర నాయకత్వంలో మనిషి. పాండే పత్రికలకు రాసేవాడు. పార్టీ అంటే అతనికి అభిమానం ఉందే అనుకుందాం. అభిమానం ఉన్నంత మాత్రాన పౌరుడు సైనికుడైపోడు. 2009లో రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ ఇచ్చిన మార్గదర్శకాలు ఇక్కడ పనికొస్తాయి. ఒక పౌరుడు చేసిన పని ఎదుటి పక్షానికి నేరుగా నష్టం కలిగించేదై, ఆ నష్టానికీ ఆ పనికీ మధ్య సూటి సంబంధం ఉండి, ఒక పక్షానికి మేలు చేయడానికే చేసినదై ఉంటేనే, అదీ ఆ పని చేస్తున్నంత సేపే, అతను దాడికి లక్ష్యమవుతాడు. దళానికి బువ్వ పెట్టిన గూడెం తల్లి, పాటలు పాడిన కళాకారుడు, గనిలో సమ్మె నడిపిన కార్మికుడు ఈ లెక్కలోకి రారు. వారు చట్టం తప్పితే కేసు పెట్టవచ్చు, కాల్చకూడదు. ఇన్‌ఫార్మర్ అని ముద్ర పడిన మనిషికీ ఇదే లెక్క. దళం ఎక్కడుందో చెప్పి దాడికి తోడ్పడ్డాడని రుజువైనా సరే, ఇంట్లోంచి లాక్కొచ్చి చేతులు కట్టేశాక అతను బందీ. ప్రజాకోర్టు సక్రమంగా ఏర్పడిన న్యాయస్థానం కాదు. ఇక్కడ మావోయిస్టుల బాధ్యత పోలీసుల బాధ్యత కంటే రవ్వంత కూడా తక్కువ కాదు.

లొంగుబాటు మాటకొస్తే, చేతులెత్తినా, ఆయుధం కింద పడేసినా, లొంగిపోతున్నానని అరిచినా చాలు, కాల్పులు ఆపాలి. లొంగిపోయినవాడు పారిపోవడానికి ప్రయత్నించకూడదు, మళ్లీ దాడికి దిగకూడదు. షరతులు అంతే. ఒక్కరినీ మిగల్చవద్దని ఆదేశం ఇవ్వడమే నేరం. లొంగిపోతున్నట్టు నటించి, అది నమ్మి దగ్గరకొచ్చిన ఎదుటివారిని చంపడమూ నిషిద్ధమే. ఆ మోసం ఒక్కసారి జరిగితే తర్వాత చేతులెత్తినవాడిని ఎవరూ నమ్మరు మరి. చీకట్లో, చెట్ల మధ్య, ఆ చేతులు కనపడకపోవచ్చన్నది నిజమే. ఆ అనుమానం కాల్పులు సాగుతున్నంత సేపే చెల్లుతుంది, పట్టుకున్నాక చెల్లదు.

ఇప్పుడీ ప్రాంతం నుంచి వెళ్లినవారు వరుసగా బయటికొస్తున్నారు. 2025 అక్టోబర్‌లో పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయారు. అదే నెల 28న పుల్లూరి ప్రసాదరావు, మన పక్కనే మందమర్రి నుంచి వెళ్లిన బండి ప్రకాశ్ హైదరాబాద్‌లో డీజీపీ ఎదుట లొంగిపోయారు. తలపై ప్రకటించిన రివార్డు సొమ్మును లొంగిపోయినవారికే ఇవ్వడం మంచి పద్ధతి. వారి మీద కేసులు నడపడంలోనూ తప్పులేదు, ఎందుకంటే అంతర్గత పోరులో యుద్ధఖైదీ హోదా ఉండదు. కానీ వారిని తిరిగి తుపాకీతో అడవికి పంపకూడదు. మావోయిస్టులపై పోరులో స్పెషల్ పోలీసు అధికారులుగా ఆదివాసీ యువకులను వాడుకోవడాన్ని సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్ 2011 జూలైలో తప్పుపట్టి నిలిపేసిన కారణాలు ఇక్కడా వర్తిస్తాయి.

అడవిలో ఇంకా మిగిలినవారు బయటికి రావాలంటే, పట్టుబడితే బతుకుతామన్న నమ్మకం వారికి ఉండాలి. 2014లో సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో ఇచ్చిన మార్గదర్శకాలు అమల్లోనే ఉన్నాయి. ప్రతి ఎన్‌కౌంటర్ చావుకూ ఎఫ్ఐఆర్ ఉండాలి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ గానీ చేయాలి. మెజిస్టీరియల్ విచారణ జరగాలి. ఘటన జరిగిన వెంటనే పదోన్నతులు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. వీటికి తోడు తెలంగాణ ప్రభుత్వం రెండు పనులు చేయాలి. అడవిలో పట్టుబడిన ప్రతి మనిషి పేరునూ, పట్టుకున్న గంటనూ, చోటునూ ఆరోజే జిల్లా జడ్జికి రాతపూర్వకంగా పంపాలి. చనిపోయినవారి శవపరీక్ష నివేదికను, వీడియోతో సహా, అడగకముందే కుటుంబానికి ఇవ్వాలి.