భూతద్దం మీద అపవాదు

"మోతిబిందు ఆపరేషన్ అయింది, జోడు మార్పించినం, భూతద్దం గూడ పెట్టి చూసినం. ఇగ చేసేదేం లేదు." కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్లల్లో పెద్దల చూపు గురించి ఇచ్చే తీర్పు ఇది. ఈ తీర్పు తప్పు. అద్దాన్ని సరిగ్గా పరీక్షించకుండానే దోషిని చేశారు.

2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు ఊరూరా కళ్లజోళ్లు పంచింది. మంచి పని. కానీ జోడు చేసేది బొమ్మను రెటీనా మీద స్పష్టంగా నిలపడమే. రెటీనా నడిభాగమే దెబ్బతింటే ఎంత స్పష్టమైన బొమ్మ పడ్డా అది పట్టలేదు. అక్కడ బొమ్మ పెద్దది కావాలి. జోడు విఫలమైతే భూతద్దమూ విఫలమైనట్టేనా?

బజారులో ఏ అద్దం కొన్నారు? అరచేయంత వెడల్పుది! పెద్ద అద్దమైతే పెద్దగా చూపుతుందన్నదే అసలు పొరపాటు. వెడల్పు పెరిగేకొద్దీ పవర్ తగ్గించక తప్పదు. ఇంట్లోనే తేల్చుకోండి: కిటికీకి ఎదురు గోడ దగ్గర అద్దాన్ని పట్టుకుని, బయటి చెట్టు బొమ్మ గోడ మీద తలకిందులుగా, స్పష్టంగా పడేదాకా జరపండి. అద్దానికీ గోడకూ మధ్య దూరం 30 సెంటీమీటర్లుంటే, వందను దానితో భాగించండి. పవర్ మూడు చిల్లర.

ఇప్పుడు జగిత్యాలలో ఒక పెద్దాయన ఉన్నాడనుకుందాం. జోడు పెట్టుకున్నాక మెరుగైన కంటి చూపు 6/60. పత్రిక అక్షరానికి కావలసిన పవర్ అంచనా 60ని 6తో భాగిస్తే వస్తుంది: పది. ఆయన చేతిలో మూడు పవర్ అద్దం పెట్టి, "చూసినం, లాభం లేదు" అంటే అది పరీక్షా? పది పవర్ అద్దం కాగితానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, కన్ను అద్దానికి దగ్గరగా రావాలి. కన్ను దూరమైతే రెండు మూడు అక్షరాలే కనిపిస్తాయి. ఇంత దగ్గర పెడితే కన్ను పాడవుతుందని కోడలు కోప్పడుతుంది. పాడవదు. దగ్గరగా చూడటం వల్ల రెటీనా అరగదు.

అద్దం ఒక్కటే చాలదు, వెలుగూ కావాలి. పైకప్పు బల్బు కింద కూర్చుంటే సొంత తల నీడే కాగితం మీద పడుతుంది. మెడ వంగే చిన్న దీపాన్ని రెండడుగుల నుంచి అడుగు దూరానికి తెస్తే వెలుగు నాలుగింతలు. ఈ ఒక్క మార్పుతోనే మాత్రల అట్ట మీది తేదీ కనపడేవాళ్లున్నారు.

హద్దులూ ఉన్నాయి. నీటికాసుల వల్ల చూపు సొరంగంలా కుంచించుకుపోయినవారికి పెద్ద బొమ్మ ఆ సొరంగంలో పట్టదు, వారికి వెలుగే ముఖ్యం. నాలుగు రెట్ల చిన్న టెలిస్కోప్‌తో బస్సు బోర్డు చదవొచ్చు, కానీ నిలబడి మాత్రమే. దానితో నడిస్తే పడతారు.

ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ 1996లోనే కంటి కేంద్రం తెరిచింది, ఆ ఊరు ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉంది. ఎక్కడ చూపించినా "జోడు నంబరు ఎంత" అని అడిగి ఊరుకోకండి. "లో విజన్ పరీక్ష ఎక్కడ చేస్తారు, ఈయనకు ఎంత పవర్ అద్దం కావాలి" అని అడగండి.