గేటు కాపలాకు నిబంధనలున్నాయి, మంచం పక్కన ఏవీ?

అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ గార్డు కోసం ఈ దేశంలో ఒక చట్టముంది. 2005 నాటి ప్రైవేటు భద్రతా ఏజెన్సీల చట్టం కింద కేంద్రం 2006లో నమూనా నిబంధనలు ఇచ్చింది. వాటి ప్రకారం కొత్త గార్డుకు 160 గంటల శిక్షణ ఇవ్వాలి, ఒక సూపర్‌వైజరు కింద పదిహేను మందికి మించి ఉండకూడదు. అదే భవనం మూడో అంతస్తులో, పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయనకు ముక్కు గొట్టం ద్వారా జావ పట్టే అటెండెంటుకు ఇలాంటి ప్రత్యేక చట్టమేదీ లేదు. వృద్ధుల ఇంటి సేవల సంస్థలను నమోదు చేయించి కనీస ప్రమాణాలు పెట్టాలని 2019లో ఒక సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చినా చట్టం కాలేదు.

హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా చాలా ఏజెన్సీల తీరు ఒకటే. ఫోన్ చేస్తే మనిషిని పంపుతారు, ఆధార్ కాపీ ఇస్తారు, నెల నెలా డబ్బు తీసుకుంటారు. ఆ మనిషి ఏం చేస్తోందో చూడటానికి మళ్లీ ఎవరూ రారు. అనుభవమున్న నర్సు సొంతంగా సర్వీసు పెడితే తేడా కనిపించవలసింది సరిగ్గా అక్కడే.

పైన చెప్పిన పెద్దాయన సంగతే తీసుకుందాం. పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఇంట్లో భార్య ఒక్కరే. ఆయనకు ముక్కు గొట్టం, మూత్రపు గొట్టం రెండూ ఉన్నాయి. గొట్టం వేయడం, మార్చడం, ఇంజెక్షన్ ఇవ్వడం అటెండెంటు పని కాదు. ఆ గీత మొదటి రోజే కాగితం మీద రాసి కుటుంబానికి ఇవ్వాలి. లేకపోతే నెల తిరక్కుండానే ‘ఆ ఇన్సులిన్ కూడా నువ్వే వేసెయ్యమ్మా’ అంటారు. ఆమెకు నేర్పవలసినవి చిన్నగా కనిపించే పనులు. జావ పట్టేటప్పుడు తలవైపు ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీలు ఎత్తి ఉంచాలి, పట్టాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి పడితే జావ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. మూత్రం సంచి నడుము కన్నా కిందే వేలాడాలి, నేలను తాకకూడదు.

ఎక్కువగా తప్పు జరిగేది పక్క మార్చడంలో. ఎయిర్ బెడ్ కొన్నాం కదా, ఇక తిప్పక్కర్లేదనుకుంటారు. పైకి జరపాల్సి వస్తే చంకల కింద చేతులు వేసి లాగేస్తారు. నడుము కింద చర్మం ఒరుసుకుపోతుంది, పడిపోయిన చేతివైపు భుజం కీలు జారుతుంది. ఇద్దరు మనుషులు, అడ్డంగా పరిచిన ఒక దుప్పటి ఉంటే ఇది తప్పుతుంది. వారానికోసారి వచ్చే నర్సు ముందుగా తుంటి వెనక, మడమల మీద చూస్తుంది. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే పడక పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు అంతగా తేలదు కాబట్టి వేడి, గట్టిదనం చేత్తో తడిమి చూడాలి. అటెండెంటు రాసిన చార్టులో రాత్రంతా రెండేసి గంటలకు టిక్కులుండి చర్మం ఇలా ఉంటే, ఆ టిక్కులు తెల్లవారాక ఒకేసారి పెట్టినవని అనుమానించాలి. అలాగని తప్పంతా ఆమెదే అనలేం. 24 గంటల డ్యూటీ అని ఒక్క మనిషినే పెట్టి, రాత్రి రెండింటికీ నాలుగింటికీ లేవమంటే ఎవరి వల్ల అవుతుంది? రెండు షిఫ్టులైనా పెట్టాలి, లేదా మంచి పరుపు వేసి చర్మం చూశాక వ్యవధి పెంచవచ్చో లేదో నర్సే తేల్చాలి.

ఇంత చూసుకుంటే గిట్టుబాటు అవుతుందా? ఒక లెక్క వేసి చూద్దాం. పదిహేను ఇళ్ల నుంచి నెలకు 24 వేల చొప్పున 3 లక్షల 60 వేలు వస్తాయనుకుందాం. అటెండెంట్లకు 16 వేల చొప్పున 2 లక్షల 40 వేలు పోతాయి. వారానికో సెలవు చొప్పున పదిహేను డ్యూటీలు నింపాలంటే ముగ్గురు రిలీవర్లు కావాలి, వారికి మరో 48 వేలు. మిగిలిన 72 వేలలోంచే ప్రయాణాలు, గ్లౌజులు, శిక్షణ గది అద్దె. రోజుకు నాలుగిళ్లు తిరిగితే వారంలో నాలుగు రోజులు పర్యవేక్షణకే సరి. ముప్పై ఇళ్లు పట్టుకుంటే ఆదాయం రెట్టింపవుతుంది, పర్యవేక్షణ మాయమవుతుంది. ఏజెన్సీలు ఎంచుకుంటున్న దారి అదే. ఆ తర్వాత కుటుంబాలు అటెండెంటుతో నేరుగా మాట్లాడుకుని ఏజెన్సీని తప్పించాయని వాపోతుంటాయి. మనిషిని పంపడం తప్ప ఏమీ చేయని సంస్థకు నెల నెలా ఎందుకు కట్టాలి?

గార్డులకు పెట్టిన ఒకటికి పదిహేను పరిమితిని రాష్ట్ర ప్రభుత్వాలు ఇంటి సేవల ఏజెన్సీలకూ పెట్టి, పర్యవేక్షకులు నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సులే కావాలని చెప్పాలి. అందాకా కుటుంబాలు అడ్వాన్సు కట్టే ముందు ఆ నర్సు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ వారం వస్తారో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.