గుడి కాడే ఉండానమ్మా!

మా పిన్నిది దుత్తలూరు మండలం నర్రవాడ. ఆవిడ బీపీ చూసుకునే మిషన్ కోసం హైదరాబాదులో ఉన్న కొడుకు ఆన్‌లైన్లో ఆర్డరిచ్చాడు. చిరునామాలో ‘వెంగమాంబ గుడి దగ్గర’ అని రాసి, ఫోన్ నంబరు మాత్రం తనది ఇచ్చాడు.

పార్శిల్ కుర్రాడు గుడి దాకా వచ్చి ఫోన్ చేశాడు. అది మోగింది హైదరాబాదులో, మావాడు మీటింగులో ఉండగా! రెండుసార్లు చేసి అతను వెళ్లిపోయాడు. సాయంత్రానికి ‘అడ్రసు దొరకలేదు’ అని మెసేజ్. మర్నాడు మావాడు ఫోన్ ఎత్తాడు కానీ, లొకేషన్ అడిగితే కంగారులో తానున్న చోటే పంపేశాడు. కుర్రాడి ఫోనులో పిన్ని ఇల్లు హైదరాబాదుకు మారిపోయింది! మళ్లీ తప్పితే పార్శిల్ వెనక్కే.

మూడోరోజు పని పిన్నే చేతుల్లోకి తీసుకుంది. పక్కింటి అమ్మాయిని వాకిట్లో నిలబెట్టి లొకేషన్ తీయించింది. ఇంట్లో కూర్చుని తీస్తే పైకప్పు, గోడలు అడ్డొచ్చి గుర్తు పక్క వీధిలో పడొచ్చు. బయటికొచ్చి అర నిమిషం ఆగితే మ్యాపులో నీలం వలయం చిన్నదవుతుంది. అప్పుడు వాట్సాప్‌లో Send your current location నొక్కాలి. దాని కిందే ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో కూడా కనిపిస్తుంది. యాభై, అరవై అని ఉంటే ఇంకాస్త ఆగండి. Live location మాత్రం వద్దు. అది ఇంటిని కాదు, మీ ఫోనును చూపిస్తుంది. మీరు బజారుకెళ్తే పార్శిల్ కుర్రాడూ మీ వెంటే వస్తాడు!

ఇంకో మెలిక ఉంది. కంపెనీ యాప్ నుంచి వచ్చే ఫోన్లలో చాలాసార్లు కుర్రాడి అసలు నంబరు కనబడదు. ఆ నంబరుకు లొకేషన్ పంపినా అతనికి చేరదు. అందుకే ‘నీ వాట్సాప్ నంబరు చెప్పు నాయనా’ అని అడగాలి.

సిగ్నల్ లేకపోతే పిన్నూ లేదు, ఫోనూ లేదు. అప్పుడు దిక్కు పార్శిల్ మీది అక్షరాలే. ‘గుడి దగ్గర’ అంటే చాలదు, గుడి చుట్టూ ఊరే ఉంది. పెద్ద గుర్తు ఊళ్లోకి తెస్తుంది, చిన్న గుర్తు గుమ్మానికి చేరుస్తుంది. గుడికి వీపు పెట్టి నిలబడితే ఎటు తిరగాలో, ఎన్నో సందో, కంటికి ఆనే చివరి గుర్తు ఏమిటో రాయాలి. ఆ గుర్తు కదలనిదై ఉండాలి. టీ బండి రేపు ఉండకపోవచ్చు, వేపచెట్టు ఉంటుంది.

ఇప్పుడు మావాడు రాస్తున్న చిరునామా ఇదీ: ‘వెంగమాంబ గుడికి వీపు పెట్టి ఎడమకు, రెండో సందు, నీళ్ల ట్యాంకు దాటాక వేపచెట్టున్న ఇల్లు.’ కింద పిన్ని నంబరు.

ఆ మూడోరోజు కుర్రాడు ‘గుడి కాడే ఉండానమ్మా’ అనగానే పిన్ని ‘ఇల్లు ఫలానా’ అని మొదలెట్టలేదు. ‘నీకు ఎదురుగా ఏం కనబడతాంది నాయనా?’ అంది. అక్కణ్నుంచి మూడు మాటల్లో ఇంటికి తెచ్చుకుంది.