సెలవు పధ్నాలుగు రోజులు.. నిరీక్షణ మూడు నెలలు

అమెరికాలో హెచ్-1బి వీసాపై పనిచేస్తున్న తెలుగు ఉద్యోగి వీసా ఇంటర్వ్యూ కోసం పెట్టే సెలవు, మిగతా సెలవుల వంటిది కాదు. పెళ్లికో, పండుగకో వచ్చేవారికి తిరుగు ప్రయాణం తేదీ తమ చేతిలోనే ఉంటుంది. వీసా ముద్ర కోసం వచ్చేవారి విషయంలో ఆ తేదీ కాన్సులేటు చేతిలో ఉంటుంది. ఈ తేడాను గుర్తించకుండా రెండు వాక్యాల్లో సెలవు చీటీ పంపి విమానమెక్కితే ఏమవుతుందో 2025 డిసెంబరులో ఎన్నో కుటుంబాలకు తెలిసివచ్చింది.

ఇంటికి రాక తప్పదా?

హెచ్-1బి ఉద్యోగికి రెండు వేర్వేరు అనుమతులుంటాయి. అమెరికాలో ఉండి పనిచేసేందుకు ఐ-797 ఆమోదపత్రం, ఐ-94 ఆధారం. పాస్‌పోర్టులోని వీసా ముద్ర ఆ దేశంలోకి అడుగుపెట్టేందుకు మాత్రమే పనికివస్తుంది. అందువల్ల ముద్ర గడువు ముగిసినా అక్కడే ఉన్నంతకాలం ఉద్యోగానికి ఇబ్బంది లేదు. ఒకసారి దేశం దాటితే మాత్రం కొత్త ముద్ర లేనిదే తిరిగి వెళ్లడం దాదాపు సాధ్యం కాదు.

ముద్రను అమెరికాలోనే పునరుద్ధరించే పథకాన్ని 2024 ఆరంభంలో ప్రయోగాత్మకంగా 20 వేల దరఖాస్తులకు పరిమితం చేసి అమలు చేశారు. అది ఆ ఏడాదే ముగిసింది. ఇంటర్వ్యూ లేకుండా పత్రాలు ఇచ్చి వెళ్లే డ్రాప్‌బాక్స్ సౌకర్యం 2025 సెప్టెంబరు 2న హెచ్-1బి వారికి దూరమైంది. అదే నెల 6న వెలువడిన మార్గదర్శకాల ప్రకారం దరఖాస్తుదారు తన సొంత దేశంలో గానీ, నివాసముంటున్న దేశంలో గానీ ఇంటర్వ్యూకు హాజరు కావాలి. దీంతో మెక్సికో, కెనడాలకు వెళ్లి నాలుగు రోజుల్లో పని ముగించుకునే దారీ మూసుకుపోయింది. అమెరికాలో ఉన్న తెలుగు ఉద్యోగికి మిగిలింది హైదరాబాద్, చెన్నై వంటి మన నగరాల్లోని కాన్సులేట్లే.

డిసెంబరులో జరిగిందిదీ..

హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమాల ఖాతాలను పరిశీలించే విధానం 2025 డిసెంబరు 15న అమల్లోకి వచ్చింది. ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని నిబంధన పెట్టారు. పరిశీలనకు సమయం పట్టడంతో రోజువారీ ఇంటర్వ్యూల సంఖ్య తగ్గింది. డిసెంబరు నెలాఖరుకు ఉన్న అనేక ఇంటర్వ్యూలు 2026 మార్చికి, ఆ తర్వాతి నెలలకు వాయిదా పడ్డాయి. తేదీ మారినట్లు సమాచారం అందినవారు పాత తేదీన వస్తే లోపలికి అనుమతించబోమని అమెరికా రాయబార కార్యాలయం ప్రకటించింది.

దీని ప్రభావం అర్థం కావాలంటే ఒక ఉదాహరణ చూడాలి. గుంటూరు జిల్లాకు చెందిన ఉద్యోగి డాలస్‌లో పనిచేస్తున్నాడనుకుందాం. డిసెంబరు 16న వేలిముద్రలు, 18న ఇంటర్వ్యూ. 8 నుంచి 26 వరకు సెలవు కోరాడు. శని, ఆదివారాలు, క్రిస్మస్ పోగా ఖర్చయ్యేవి 14 సెలవులు. 29న విధుల్లో చేరాలి. అతడు ఇంటికి చేరాక ఇంటర్వ్యూ మార్చి 16కు మారినట్లు ఈమెయిల్ వచ్చింది. డిసెంబరు 29 నుంచి లెక్కిస్తే సరిగ్గా పదకొండు వారాలు. వీసా ముద్రించి పాస్‌పోర్టు ఇచ్చేందుకు పట్టే రోజులు దీనికి అదనం. డాలస్‌లో ఇంటి అద్దె, కారు వాయిదాలు ఆగవు. ఏడాది సెలవులు అప్పటికే అయిపోయాయి. సెలవు చీటీలో మాత్రం ‘వ్యక్తిగత పని’ అని తప్ప మరేమీ లేదు.

జీతం ఆగినా నిబంధనే

ఇలాంటి సమయంలో చాలామంది పొరబడేది జీతం విషయంలోనే. పని లేదన్న కారణంతో హెచ్-1బి ఉద్యోగిని ఖాళీగా కూర్చోబెడితే సంస్థ జీతం చెల్లించాల్సిందే. కానీ ఉద్యోగి తన సొంత అవసరంపై, తానే కోరి తీసుకున్న సెలవుకు జీతం ఇవ్వనక్కర్లేదని అమెరికా కార్మికశాఖ నిబంధనలు చెబుతున్నాయి. అనారోగ్యం, కుటుంబ సంరక్షణ వంటి కారణాలకు అక్కడి చట్టం కల్పించే రక్షిత సెలవు వీసా పనికి వర్తించదు. ఆరోగ్య బీమా కొనసాగుతుందా లేదా అన్నది సంస్థ పథకంపై ఆధారపడి ఉంటుంది.

ఇక్కడి నుంచే కంప్యూటరుపై పనిచేస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. భారత పౌరుడు స్వదేశంలో పనిచేయడానికి వీసా అడ్డంకి లేదు. అయితే ఇక్కడ చేసిన పనికి అందే జీతంపై పన్ను ఎక్కడ కట్టాలన్న సందేహం వస్తుంది. ఖాతాదారుల సమాచారాన్ని విదేశం నుంచి తెరవకూడదన్న ఒప్పందాలు, కొన్ని సాంకేతిక వివరాలపై ఎగుమతి ఆంక్షలు కూడా ఉంటాయి. అందుకే పై అధికారి నోటిమాటగా సరేనన్నా, సంస్థ రాతపూర్వక అనుమతి లేనిదే పని మొదలుపెట్టడం ప్రమాదం.

అన్నిటికంటే పెద్ద ముప్పు ఉద్యోగం పోవడం. అమెరికాలో ఉండగా తొలగిస్తే మరో సంస్థను వెతుక్కునేందుకు గరిష్ఠంగా 60 రోజుల గడువు లభిస్తుంది. దేశం వెలుపల చిక్కుకున్న వ్యక్తికి ఆ గడువుతో ప్రయోజనం లేదు. పైగా 2025 సెప్టెంబరు 21 నుంచి 12 నెలల కాలానికి జారీ అయిన అధ్యక్ష ప్రకటన ప్రకారం, అమెరికా బయట ఉండి చెల్లుబాటయ్యే వీసా లేనివారి కోసం కొత్త సంస్థ దరఖాస్తు చేస్తే లక్ష డాలర్లు కట్టాల్సి వస్తుంది. అంత మొత్తం భరించి ఉద్యోగమిచ్చే సంస్థలు అరుదు. సెలవు చీటీని తేలిగ్గా తీసుకోకూడదనడానికి అసలు కారణం ఇదే.

దరఖాస్తులో ఏముండాలి?

మొదట, ఖచ్చితంగా తెలిసిన తేదీలు. వేలిముద్రలు, ఇంటర్వ్యూ, తిరుగు ప్రయాణం తేదీలు రాసి, అపాయింట్‌మెంట్ పత్రాన్ని జతచేయాలి. కారణం ‘వీసా ఇంటర్వ్యూ’ అని స్పష్టంగా చెప్పాలి. రెండోది, ఆలస్యమైతే ఏమిటన్న ప్రశ్నకు సమాధానం. ఇంటర్వ్యూ వాయిదా పడినా, 221(జి) కింద అదనపు పరిశీలనకు నిలిపినా ఎన్ని వారాల వరకు జీతం లేని సెలవు ఇస్తారు, ఆ కాలంలో బీమా ఉంటుందా, భారత్ నుంచి పనికి అనుమతి ఉంటుందా అన్నవి ముందే అడిగి జవాబు తీసుకోవాలి. మూడోది, సంస్థ ఇవ్వాల్సిన పత్రాలు. ఐ-797 ప్రతి, హోదా, జీతం తెలిపే లేఖ, ఇటీవలి జీతం రసీదులు చేతికందాకే బయలుదేరాలి. లేఖలోని హోదా, పని ప్రదేశం డీఎస్-160లో నింపిన వివరాలతో సరిపోవాలి. వాటిలో తేడా వస్తే ఇంటర్వ్యూలో అనవసర ప్రశ్నలు తప్పవు.

పై ఉదాహరణలోని ఉద్యోగి, ‘ఇంటర్వ్యూ వాయిదా పడితే పన్నెండు వారాల వరకు జీతం లేని సెలవు మంజూరు చేయగలరు. ఇక్కడి నుంచి ఏయే పనులు చేయవచ్చో రాతపూర్వకంగా తెలుపగలరు’ అని ఒక్క పేరా జతచేసి ఉంటే, సంస్థ వైఖరి డాలస్‌లో ఉండగానే తేలిపోయేది. కాదంటే ప్రయాణమే మానుకునేవాడు. అమెరికాలో ఉన్నంతవరకు గడువు తీరిన ముద్ర అతడి ఉద్యోగానికి అడ్డు కాదు కదా.

ఎంత పకడ్బందీగా రాసినా సెలవు చీటీ కాన్సులేటు తేదీని మార్చలేదు. తేదీ మారినప్పుడు ఉద్యోగం నిలుస్తుందో లేదో మాత్రం ముందే తెలుపుతుంది. కొడుకో, కూతురో వీసా పనిమీద వస్తున్నామని ఫోన్ చేసినప్పుడు ఊళ్లోని తల్లిదండ్రులు రాక తేదీతోపాటు ఆలస్యమైతే సంస్థ ఏమందో కూడా అడగడం మంచిది.