థీసిస్ కులం మీదైతే స్కాలర్‌షిప్ ఎందుకు రాదు?

ఈ సెమిస్టర్ ఎల్‌ఎల్‌బీ విద్యార్థులకు ట్యుటోరియల్‌లో ఒక ప్రాబ్లమ్ ప్రశ్న ఇచ్చాను. ఒక రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ విద్యార్థులకు విదేశీ విద్యా స్కాలర్‌షిప్ పథకం పెట్టింది. తక్కువ ఆదాయం ఉన్న ఎస్సీ విద్యార్థులు విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చేసి సామాజికంగా, ఆర్థికంగా ఎదగాలన్నదే దాని లక్ష్యమని జీవోలో రాసింది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు. ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న యూనివర్సిటీలో సీటు వచ్చి ఉండాలి. మూడో షరతు: భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధన చేసేవారు అనర్హులు. ఒక అమ్మాయికి లండన్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఆమె అంశం దక్కన్‌లో తోలుపని చేసే కులాల చరిత్ర. దరఖాస్తు తిరస్కరించారు. ఆర్టికల్ 14 కింద ఆమెకు కేసు ఉందా?

ప్రశ్న కల్పితమే గానీ ఆ మూడో షరతు నా ఊహ కాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 2022-23 మార్గదర్శకాల్లో పెట్టిన షరతు అది. ఏడాదికి 125 మందికి ఇచ్చే ఆ పథకంలో 115 సీట్లు ఎస్సీలవి. 1916లో కొలంబియాలో కులాల పుట్టుక మీద సెమినార్ పేపర్ చదివిన విద్యార్థి బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద అక్కడికి వెళ్లినవాడే. బరోడావాళ్లు ఇలాంటి షరతు పెట్టి ఉంటే ఆ పేపర్ సంగతేమయ్యేదో పాఠకులే ఊహించుకోవచ్చు.

సరే, జవాబు పత్రాల సంగతికి వస్తాను. చాలామంది మొదటి పేజీ అంతా రిజర్వేషన్ల మీద, ఆర్టికల్ 15(4) మీద రాశారు. ఎస్సీలకు ప్రత్యేక పథకం పెట్టడం చెల్లుతుందని నిరూపించారు. అది ఇక్కడ ఎవరూ కాదనలేదు. పోల్చాల్సింది ఎస్సీలను ఇతరులతో కాదు. స్కాలర్‌షిప్ వచ్చిన ఎస్సీ విద్యార్థినీ రాని ఎస్సీ విద్యార్థినీ పక్కపక్కన నిలబెట్టాలి. ఇద్దరి కులం ఒకటే, ఆదాయం ఒకటే, యూనివర్సిటీ స్థాయీ ఒకటే. విడదీసింది థీసిస్ అంశం ఒక్కటే. అందుకే కుల వివక్షను నిషేధించే ఆర్టికల్ 15 ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు, భారమంతా 14 మీదే పడుతుంది.

అన్వర్ అలీ సర్కార్ కేసు (1952) నుంచి కోర్టులు అడుగుతున్నవి రెండు ప్రశ్నలు. చేర్చినవారికీ వదిలేసినవారికీ మధ్య స్పష్టంగా గుర్తించగల తేడా ఉందా? ఆ తేడాకు చట్టం లక్ష్యంతో సహేతుకమైన సంబంధం ఉందా? మొదటి ప్రశ్నకు విద్యార్థులు ‘ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంత తేలిక కాదు. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు, ఆ ఊళ్ల ప్రజల ఆరోగ్యం మీద పరిశోధన చేసే అబ్బాయి ఉన్నాడనుకోండి. అది ప్రజారోగ్యమా, భారత సమాజం మీద అధ్యయనమా? ఏ నీళ్లు ఏ వాడకు చేరుతున్నాయని కూడా అతను అడిగితే? గీత ఎక్కడుందో షరతు చదివి చెప్పలేకపోతే, ఫైలు చూసే అధికారే ఆ గీత గీస్తాడు. అయినా ఈ అమ్మాయి అంశం గీతకు అటువైపే ఉందనడంలో అనుమానం లేదు కాబట్టి, కేసు తేలేది రెండో ప్రశ్న దగ్గరే.

ప్రభుత్వం ఏమంటుంది? భారతదేశం మీద పరిశోధనకు కావలసిన ఆధారాలు, నిపుణులు ఇక్కడే ఉన్నారు, పరిమితమైన డబ్బును ఇక్కడ దొరకని చదువులకు వాడుకుంటున్నాం అంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇదే కారణాన్ని షరతు మీద పెట్టి చూడండి. ఈస్టిండియా కంపెనీ, బ్రిటిష్ పాలన నాటి రికార్డుల్లో పెద్ద భాగం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలోనే ఉంది. అంటే ఆధారాల కోసమే లండన్ వెళ్లాల్సిన విద్యార్థిని షరతు ఆపేస్తుంది. మన వరి వంగడాల మీద విదేశంలో పీహెచ్‌డీ చేసేవాడి పొలాలూ, ఆ రంగం శాస్త్రవేత్తలూ ఇక్కడే ఉన్నా అతన్ని ఆపదు. కారణం ఒక దారి, షరతు ఒక దారి.

అంతకన్నా ముఖ్యమైనది లక్ష్యం. జీవోలో రాసిన లక్ష్యం విద్యార్థి ఎదుగుదల. చరిత్రలో డాక్టరేట్ తెచ్చుకుని ప్రొఫెసర్ అయినవారు ఇంజినీర్ కన్నా తక్కువ ఎదిగారని ఏ లెక్కన అంటాం? ఇక్కడ దీపక్ సిబల్ కేసు (1989) బాగా పనికొస్తుంది. పంజాబ్ యూనివర్సిటీ సాయంత్రం లా క్లాసుల్లో ప్రభుత్వ, అర్ధప్రభుత్వ సంస్థల ఉద్యోగులనే చేర్చుకుంది. పగలు ఉద్యోగం వల్ల క్లాసుకు రాలేనివారి కోసమే సాయంత్రం క్లాసులు అయినప్పుడు, ప్రైవేటు ఉద్యోగిని వదిలేయడానికి ఆ లక్ష్యంతో సంబంధం లేదని సుప్రీంకోర్టు కొట్టేసింది. పైగా లక్ష్యమే అన్యాయమైనదైతే వర్గీకరణా నిలవదని చెప్పింది.

అప్పుడు ప్రభుత్వం కౌంటర్ అఫిడవిట్‌లో ‘అసలు మా లక్ష్యం ఇక్కడ లేని చదువులకు డబ్బివ్వడమే’ అని మాట మారుస్తుంది. ప్రాక్టీసులో తరచూ జరిగేది ఇదే. మొహిందర్ సింగ్ గిల్ కేసు (1978) ఇందుకు అడ్డు. ఉత్తర్వును అందులో ఉన్న కారణాలతోనే తూచాలి, తర్వాత అఫిడవిట్‌లో కొత్త కారణాలు అతికించడం కుదరదు.

అమ్మాయి గెలుస్తుందనే నా అభిప్రాయం. కానీ ఒక విద్యార్థి పేపర్‌లో చివర రాసిన ప్రశ్న నన్ను ఆపింది. రేపు ప్రభుత్వం జీవోనే మార్చి, ‘సైన్స్, టెక్నాలజీలో ఎస్సీల సంఖ్య పెంచడం’ మా లక్ష్యం అని మొదటి వాక్యంలోనే రాస్తే? నిజాయితీగా చెప్పాలంటే ఆ పథకం బహుశా నిలుస్తుంది. తేడా స్పష్టం, లక్ష్యంతో సంబంధం స్పష్టం. సంక్షేమ విధానాల్లో ఒక సమస్యను ఒక్కో మెట్టుగా తీసుకోవచ్చని అంబికా మిల్స్ కేసు (1974) ప్రభుత్వానికి వెసులుబాటు ఇచ్చింది కూడా. అమ్మాయి పరిస్థితిలో మాత్రం ఏ మార్పూ ఉండదు. లక్ష్యాన్ని ఎవరు రాస్తే పరీక్ష వాళ్ల చేతిలోకి పోతుంది. కులం గురించి చదవడానికి దళిత విద్యార్థికి డబ్బివ్వకూడదనే ఉద్దేశం ఆ వాక్యం వెనుక దాగి ఉందని చూపాలంటే ఫైలు నోటింగ్స్ కావాలి, పాత మార్గదర్శకాలతో పోలిక కావాలి. అవి ఆర్టీఐ కింద ముందే తీసిపెట్టుకోవాలి. నవతేజ్ జోహార్ తీర్పులో (2018) జస్టిస్ చంద్రచూడ్ ఈ పరీక్ష సమానత్వం సారం కన్నా రూపానికి పెద్దపీట వేస్తుందని అన్నది ఇలాంటి చోటే అర్థమవుతుంది.

ఇక ఉపశమనం. ‘పథకాన్ని కొట్టేయాలి’ అని రాసినవారికి నేను మార్కులు తగ్గించాను. పథకం పోతే మిగిలినవారికీ పోతుంది, ఆమెకూ రాదు. నకారా కేసులో (1983) పెన్షన్ పెంపును ఫలానా తేదీ తర్వాత రిటైరైనవారికే పరిమితం చేసిన మాటలను మాత్రమే కోర్టు తీసేసింది, పెంపును ఉంచింది. ఇక్కడా మూడో షరతును మాత్రమే తీసేసి, దరఖాస్తును మళ్లీ పరిశీలించమని అడగాలి. దాంతోపాటు మధ్యంతర ఉత్తర్వు కూడా కోరాలి. లండన్‌లో క్లాసులు సెప్టెంబర్‌లో మొదలవుతాయి, మన హైకోర్టులో కౌంటర్‌కే నాలుగు వాయిదాలు పడతాయి. కాబట్టి తీర్పు వచ్చేదాకా ఒక స్కాలర్‌షిప్‌ను ఎవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచమనడం ఆ పిటిషన్‌లో మొదటి ప్రార్థన కావాలి. నా దగ్గరకొచ్చిన పేపర్లలో ఆ మాట రాసింది ఇద్దరే.