పాదం ఎక్కడ విరగాలి?

పుస్తకానికో, వస్తువుకో అంతర్జాలంలో దీర్ఘవివరణ వ్రాసేవారిలో చాలమందికి ఒక అలవాటున్నది. కంప్యూటరు తెరపై పంక్తి కుడి అంచుకు చేరగానే ఎంటరు మీట నొక్కుతారు. పాత టైపురైటరు నేర్పిన సంస్కారం కాబోలు. ఇది కూడదని నా అభిప్రాయం. పంక్తిని విరిచే హక్కు వచనంలో తెరకే ఉండాలి, పద్యంలో ఛందస్సుకే ఉండాలి. వ్రాసేవాని మీటకు ఆ హక్కు రెండుచోట్లా లేదు.

మా మిత్రులొకరు ఒక శతకానికి వ్యాఖ్య వ్రాసి స్వంత ఖర్చుతో అచ్చు వేయించారు. దానిని ఒక విక్రయస్థలంలో అమ్మకానికి పెట్టి, మూడు పేరాల పరిచయమూ, మచ్చుకు రెండు పద్యాలూ వివరణగా ఇచ్చారు. వారి ఇంటి కంప్యూటరులో అది ముచ్చటగానే కనిపించింది. వారం తరువాత నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోనులో చూసి, "మాస్టారూ, పద్యాలన్నారు, ఇది వచనమేమోనండీ?" అన్నాడు. తెలుగు బాగా చదివిన పిల్లవాడే. వాడికి కనిపించినది అలా ఉన్నది మరి.

కారణం చెబుతాను. పరిచయంలో పంక్తికి దాదాపు 60 అక్షరాలు వచ్చేచోట ఎంటరు నొక్కారు. నా ఫోనులో ఒక పంక్తికి సుమారు 24 అక్షరాలు పడతాయి. కనుక ఆ 60 అక్షరాలు 24, 24, 12గా చీలాయి. పన్నెండు దగ్గర మిత్రులు నొక్కిన విరుపు వచ్చి, సగం ఖాళీ మిగిలింది. తరువాతి పంక్తికీ అదే గతి. రెండు నిండుపంక్తులు, ఒక మొండిపంక్తి, మళ్ళీ రెండు నిండువి, ఒక మొండిది. పళ్ళూడిన దువ్వెన వలె ఉన్నదా పుట. ఎక్కడైనా ఈ క్రమం కనబడితే, అది ఫోను దోషం కాదనీ, వివరణలో అనవసరపు విరుపులున్నాయనీ గుర్తించవచ్చు. చికిత్స ఒక్కటే: పేరా చివర తప్ప మిగిలిన విరుపులన్నీ తీసివేయాలి.

పద్యాలకు జరిగినది దీనికి విపర్యం. వివరణ పెట్టెలు రెండు రకాలు. ఒక రకం, మనం నొక్కిన ఎంటరును తానే విరుపుగా మార్చుకుంటుంది. రెండవ రకం హెచ్‌టీఎంఎల్‌ను మాత్రమే నమ్ముతుంది. దాని దృష్టిలో ఎంటరు అయినా, పది ఖాళీలు అయినా ఒకే ఒక ఖాళీతో సమానం. మిత్రులు పరిచయాన్ని మొదటి రకం పెట్టెలో, పద్యాలను "అదనపు వివరాలు" అనే రెండవ రకం పెట్టెలో ఉంచారు. నాలుగు పాదాలూ ఒకదానికొకటి అంటుకొని ముద్దయినాయి. పాదంలో రెండవ అక్షరం ప్రాస. పాదం మొదలు ఎక్కడో తెలియనివానికి ప్రాస ఎలా కనబడుతుంది? పద్యం పద్యమని తెలిపే ప్రత్యక్షసాక్ష్యమే పోయింది. తాటాకులపై మన పూర్వులూ పాదాలు విడదీయక కలిపే వ్రాశారని కొందరు వాదించవచ్చు. నిజమే, కాని ఆ ఆకు చదివేవాడు పద్యాన్ని చెవితో పోల్చుకొనేవాడు. ఫోను చదివే మన పిల్లవాడికి కన్నే ఆధారం.

పెట్టె ఏ రకమో తెలుసుకొనడం తేలిక. రెండు మాటలు రెండు పంక్తులలో టైపు చేసి, మూడవ మాటను `<b>`, `</b>`ల నడుమ ఉంచి, ముందుచూపులో చూడండి. కోణపు గుర్తులు యథాతథంగా కనబడితే అక్కడ టాగులు చెల్లవు, ఎంటరుతోనే పని జరుపుకోవాలి. మాట బొద్దుగా మారి, పంక్తులు రెండూ కలిసిపోతే అది రెండవ రకం. మాట బొద్దుగా మారి, పంక్తులు కూడా విడిగానే నిలిస్తే ఆ పెట్టె రెండింటినీ అంగీకరిస్తుంది. అప్పుడు `<br>` పెట్టి ఎంటరు కూడా నొక్కితే పాదాల మధ్య రెట్టింపు ఎడం వస్తుంది.

ఏ టాగులు చెల్లుతాయన్నది ఆయా స్థలాల సహాయపుటలలో ఉంటుంది. సాధారణంగా పేరా, విరుపు, బొద్దు, వాలు, జాబితా మాత్రమే ఉంటాయి. మనకవి చాలు. మిత్రుల వివరణను నేను ఇలా మార్చాను:

```
<p>ఈ కూర్పులో ప్రతిపద్యమునకు ప్రతిపదార్థము, తాత్పర్యము గలవు.</p>
<p>మొదటి పాదము<br>రెండవ పాదము<br>
మూడవ పాదము<br>నాలుగవ పాదము</p>
```

వచనానికి `<p>`, పాదాంతానికి `<br>`. అంతే. పేరాల నడుమ ఎడం కోసం నాలుగైదు `<br>`లు వరుసగా గుప్పించేవారున్నారు. ఫోనులో అది వేలు అరిగేదాకా జరపవలసిన ఖాళీ అవుతుంది.

ఇక్కడొక చిక్కున్నది. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. సంయుక్తాక్షరాలు దట్టంగా ఉంటే 24 పట్టే తెరలో కూడా చివరిమాట క్రిందికి జారుతుంది. జారినది పాదాంతమో, తెర అంచో తెలియదు. శైలిసూత్రాలు చెల్లేచోట రెండవ పంక్తిని లోపలికి జరపవచ్చు, కాని వివరణ పెట్టెలు వాటిని సాధారణంగా తుడిచివేస్తాయి. అటువంటప్పుడు నాలుగు పాదాలనూ అంకెల జాబితాగా, `<ol>`లో ఒక్కొక్క `<li>`గా ఇవ్వడం నాకు తోచిన ఉపాయం. జారినమాట అంకె క్రిందికి పోక, పాదం మొదలుతో సమంగా నిలుస్తుంది. పద్యానికి అంకెలు శోభ కావు, ఒప్పుకుంటాను. అయినా ప్రాస కనబడడం నాకు ముఖ్యం. సీసానికి ఈ బాధ తక్కువ. సీసపాదాన్ని రెండు భాగాలుగా విరిచి వ్రాసే ఆచారం మనకున్నది కనుక, ఒక్కొక్క భాగం తెరలో హాయిగా ఇముడుతుంది.

ఖాళీలతో అమర్చేవారికి ఒక హెచ్చరిక. మామూలు ఖాళీలు నిలవడం లేదని కొందరు `&nbsp;` వరుసగా పెడతారు. అది విరగని ఖాళీ. దానితో కలిపిన మాటలన్నీ తెర దృష్టిలో ఒకే మాట. పంక్తి కుడి అంచు దాటి పోతుంది, లేదా పుట మొత్తం ప్రక్కకు జరుగుతుంది. వేరొకచోట టైపు చేసి తెచ్చి అతికించిన పాఠంలో ఇవి మనకు తెలియకుండానే వస్తాయి. పుట అడ్డంగా జరుగుతున్నదంటే ముందు వీటిని అనుమానించండి.

రెండవ అనుమానం దీర్ఘసమాసం. అచ్చులో కంపోజిటరు అక్షరం చివర ఎక్కడైనా మాటను విరిచేవాడు. బ్రౌజరు తెలుగును మామూలుగా ఖాళీ దగ్గరే విరుస్తుంది. "భక్తజనహృదయకమలవికాసభాస్కరుడు" పదిహేడు అక్షరాల మాట. నా వంటివారు చూపు కోసం అక్షరాలు పెద్దవి చేసుకుంటే పంక్తికి పద్నాలుగే పడతాయి. మాట అంచు దాటుతుంది. విరగదగిన చోటును `<wbr>` చెబుతుంది:

```
భక్తజన<wbr>హృదయ<wbr>కమలవికాస<wbr>భాస్కరుడు
```

ఇది అవసరమైతేనే విరుస్తుంది, గీత వేయదు, పాఠంలో అక్షరమేదీ చేర్చదు. కంటికి కనబడని శూన్యఖాళీ కూడ ఇదే పని చేస్తుంది కాని, అది మాటలో అక్షరంగా చేరిపోతుంది. ఆ సమాసాన్ని వెదికేవారికి అది దొరకకపోవచ్చు. `<wbr>` పెట్టవలసినది పదం ముగిసేచోట, సంధి లేనిచోట. "సూర్యోదయము"లో యకారమూ ఉకారమూ ఒకే అక్షరమై కూర్చున్నాయి. అక్కడ విరవడానికి చోటే లేదు. పెట్టె `<wbr>`ను అంగీకరించకపోతే సమాసాన్ని ఖాళీతో రెండుగా కోయకండి, అర్థం చెడుతుంది. వాక్యం మార్చి చిన్నమాట వేయండి. వివరణ మనది కనుక ఆ స్వేచ్ఛ ఉన్నది. పద్యం కవిది కనుక అందులో ఆ స్వేచ్ఛ లేదు. అటువంటి సమాసమున్న పద్యాన్ని మచ్చుకు ఇవ్వక, వేరొకటి ఎంచుకోవడమే మేలు.